గాలి తీసేస్తే చాలదు

ప్యాకెట్‌లోంచి గాలి మొత్తం లాగేసి సీలు వేస్తే లోపలి ఆహారం భద్రంగా ఉంటుందని మనలో చాలామంది నమ్మకం. సూపర్ మార్కెట్ ఫ్రిజ్‌లో దొరికే పొగబెట్టిన చేప ముక్కలైనా, అమెరికాలోని అబ్బాయికి పంపే నాటు కోడి పచ్చడైనా, అనంతగిరి కొండకు వెళ్తూ కారు డిక్కీలో పెట్టుకునే మ్యారినేట్ చేసిన మాంసమైనా ఆ నమ్మకంతోనే కొంటాం, కడతాం, పంపుతాం. ఇప్పుడు వ్యాక్యూమ్ సీలు వేసే చిన్న యంత్రాలు ఇళ్లలోకే వచ్చేశాయి. చుట్టూ బిగుసుకుపోయిన ప్లాస్టిక్ కవరు చూస్తే శుభ్రతకు అంతకన్నా రుజువు అక్కర్లేదనిపిస్తుంది.

ఆ నమ్మకం సగమే నిజం. గాలి తీసేస్తే చాలా సూక్ష్మజీవులు పెరగలేవు. కానీ ఒక రకం బ్యాక్టీరియాకు గాలి లేకపోవడమే కావాలి. దాని పేరు క్లాస్ట్రీడియం బొటులినం. అది విడుదల చేసే విషంతో వచ్చే జబ్బు బోటులిజం. మన దగ్గర ఇది అరుదు. అరుదైనా, వచ్చినప్పుడు ఊపిరి ఆగిపోయే దాకా తీసుకెళ్లగలదు. మన వంటింటి అలవాట్లు మారుతున్న తీరు చూస్తే, ఇది ఎందుకు వస్తుందో ఇప్పుడే తెలుసుకుని ఉండటం మంచిది.

నిద్రపోయే గింజ

బొటులినం బ్యాక్టీరియా నేలలో, చెరువుల అడుగు బురదలో, చేపల పేగుల్లో ఉంటుంది. అంటే కూరగాయల మీద అంటిన మట్టితో పాటు, చేపతో పాటు, మాంసం కోసిన చోటి దుమ్ముతో పాటు అది మన వంటింట్లోకి ఎప్పుడో వచ్చి ఉంటుంది. మనం రోజూ ఎంతో కొంత మింగుతూనే ఉంటాం. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు దానివల్ల ఏమీ కాదు. ఎందుకంటే అది మామూలుగా స్పోర్ రూపంలో, అంటే గింజలా గట్టి పెంకులో ముడుచుకుని నిద్రలో ఉంటుంది.

తాండూరు నల్లరేగడిలో పడిన కందిగింజను తలచుకోండి. తొలకరి పడే దాకా అది కదలదు. ఎండను తట్టుకుంటుంది. తడి తగలగానే మొలకెత్తుతుంది. బొటులినం స్పోర్ కూడా అంతే. వేడినీళ్లు దాన్ని చంపలేవు. కొన్ని రకాల స్పోర్‌లు గంటల తరబడి మరిగినా బతికే ఉంటాయి. దానికి తొలకరి అంటే నాలుగు పరిస్థితులు ఒక్కచోట కుదరడం. గాలి లేకపోవాలి. పులుపు తక్కువగా ఉండాలి. తేమ ఉండాలి. తగినంత వెచ్చదనం ఉండాలి. ఈ నాలుగూ కలిస్తే స్పోర్ మొలకెత్తుతుంది, బ్యాక్టీరియా పెరుగుతుంది, విషం తయారవుతుంది. నాలుగింట్లో ఒక్కటి గట్టిగా అడ్డుపడినా ఆ గింజ నిద్రలోనే ఉండిపోతుంది.

ఇప్పుడు వ్యాక్యూమ్ ప్యాకెట్ వైపు చూడండి. మనం చేతులారా మొదటి షరతును తీర్చిపెడుతున్నాం. మాంసంలోనూ చేపలోనూ పులుపు ఎలాగూ లేదు. తేమ ఉంది. ఇక మిగిలింది వెచ్చదనం. ఆ ప్యాకెట్ ఫ్రిజ్ బయట ఎన్ని గంటలు ఉందన్నదే అసలు ప్రశ్న.

ఒకే పీపాలో రెండు తొడలు

ఈ బ్యాక్టీరియాను మొదట కనిపెట్టిన కథే గాలి సంగతి స్పష్టంగా చెబుతుంది. 1895 డిసెంబరులో బెల్జియంలోని ఎల్లెజెల్ అనే పల్లెలో ఒక అంత్యక్రియలకు బాజా వాయించడానికి బృందం వచ్చింది. కార్యక్రమం అయ్యాక ఆ కళాకారులు భోజనానికి కూర్చున్నారు. ఉప్పులో ఊరవేసిన పంది తొడ మాంసం తిన్నారు. ఆ తర్వాత చాలామందికి చూపు మసకబారింది. ఒకటి రెండుగా కనిపించింది. మింగుడు పడలేదు. వాళ్లలో ముగ్గురు చనిపోయారు.

ఎమిల్ వాన్ ఎర్మెంజెమ్ అనే శాస్త్రవేత్త ఆ మాంసాన్ని పరీక్షించి, అందులోంచి ఈ బ్యాక్టీరియాను వేరుచేశారు. పంది ఆరోగ్యంగానే ఉండేది. దాని మిగతా మాంసం తిన్నవాళ్లకు ఏమీ కాలేదు. జబ్బు తెచ్చిన తొడ ఉప్పునీటి పీపా అడుగున, గాలి సోకని చోట మునిగి ఉంది. పైన, ఉప్పునీళ్లలో మునగకుండా ఉన్న రెండో తొడ బాగానే ఉంది. జంతువు ఒకటే, పీపా ఒకటే, ఉప్పు ఒకటే. తేడా గాలి.

ఆ పీపా అడుగు భాగమే నేటి వ్యాక్యూమ్ కవరు. మన పచ్చడి సీసాలో నూనె కింద మునిగిన మాంసం ముక్క కూడా అలాంటి చోటే ఉంది. నూనె గాలిని ఆపుతుంది. కానీ నూనెలో పులుపు లేదు. ఆ తేడా గమనించకపోతే ఏం జరుగుతుందో 1985లో కెనడాలోని వాంకోవర్‌లో తెలిసింది. ఒక రెస్టారెంట్‌లో నూనెలో వేసి, ఫ్రిజ్ బయట ఉంచిన తరిగిన వెల్లుల్లి తిని 36 మంది బోటులిజం బారిన పడ్డారు. పైన తేలే నూనె బూజు పట్టకుండా కాపాడుతుంది. బొటులినం నుంచి కాపాడదు.

కుళ్లు వాసన అనే కాపలాదారు

చేప పాడైందో లేదో మనం ముక్కుతో తేలుస్తాం. ఆ వాసన తెచ్చేవి గాలి ఉన్న చోట పెరిగే మామూలు బ్యాక్టీరియా. అవి మనకు చిరాకు పుట్టించినా ఒక విధంగా కాపలాదారులు. చేపను బయట వదిలేస్తే విషం తయారయ్యే లోపే అవి కంపు పుట్టించి, దాన్ని మన చేత పారేయిస్తాయి.

వ్యాక్యూమ్ ప్యాకెట్‌లో ఈ కాపలాదారులు చాలా వరకు ఉండరు. పొగ వేడికి కొందరు చస్తారు. గాలి లేక మిగతావాళ్లు పెరగరు. స్పోర్ మాత్రం మిగిలి ఉంటుంది, పోటీకి ఎవరూ లేని మైదానంలో. పైగా చేపల్లో ఎక్కువగా కనిపించే ఇ రకం బొటులినం మాంసకృత్తులను కుళ్లబెట్టదు. కాబట్టి దుర్వాసన రాదు. ప్యాకెట్ ఉబ్బకపోవచ్చు. రంగు మారదు. రుచీ మారదు. చూడ్డానికి అమ్మకానికి పెట్టిన రోజులాగే ఉంటుంది.

ఈ ఇ రకానికి ఇంకో గుణం ఉంది. మాంసకృత్తులను కుళ్లబెట్టే రకాలు దాదాపు 10 డిగ్రీల సెల్సియస్ కన్నా చల్లగా ఉంటే పెరగవు. ఇది 3.3 డిగ్రీల దాకా నెమ్మదిగా పెరుగుతూనే ఉంటుంది. మన ఇళ్లలో ఫ్రిజ్ తలుపు రోజుకు ఎన్నిసార్లు తెరుస్తామో, వేసవిలో కరెంటు ఎన్నిసార్లు పోతుందో లెక్కేస్తే లోపల 3 డిగ్రీలు నిలబడటం కష్టం. తలుపు అరల్లో ఇంకా ఎక్కువ వేడి ఉంటుంది. అందుకే వ్యాక్యూమ్ చేసిన పొగ చేపకు ఫ్రిజ్ ఒక్కటే చాలదు. ఉప్పు కూడా లోపలి దాకా పట్టి ఉండాలి. అమెరికా ఆహార నియంత్రణ సంస్థ ఇలాంటి చేపలో ఉండే నీటి భాగంలో కనీసం 3.5 శాతం ఉప్పు ఉండాలని, దానికి తోడు ప్యాకెట్ చల్లగా ఉండాలని చెబుతుంది. పైపైన చల్లిన ఉప్పు, పైపైన పట్టిన పొగ ముక్క మధ్యకు చేరవు. పొగ వాసనను భద్రతకు గుర్తుగా తీసుకోకండి.

ఈ జాగ్రత్తలు ఊరికే పుట్టలేదు. 1963లో అమెరికాలోని మహా సరస్సుల ప్రాంతంలో పొగబెట్టి, ప్లాస్టిక్ కవర్లలో గాలి తీసి ప్యాక్ చేసిన చేపలు దక్షిణాన ఉన్న టెనెసీ, దాని పొరుగు రాష్ట్రాలకు వెళ్లాయి. దారిలో వాటిని సరిగా చల్లగా ఉంచలేదు. తిన్నవాళ్లలో పలువురు బోటులిజంతో చనిపోయారు. ఇ రకమే కారణమని తేలింది. ఎన్నో ఏళ్లుగా అదే సరస్సుల చేపను అదే విధంగా పొగబెట్టి జనం తింటూనే ఉన్నారు. కొత్తగా వచ్చి చేరినవి రెండే. గాలి చొరని కవరు, చల్లదనం లేని ప్రయాణం.

దీన్ని మన దారికి అన్వయించి చూడండి. హైదరాబాద్‌లో శనివారం పొద్దున పొగ చేప ప్యాకెట్ కొన్నారనుకుందాం. ఐస్ లేని సంచిలో పెట్టి కారెక్కారు. వికారాబాద్ చేరి అనంతగిరి కొండెక్కేసరికి రెండు మూడు గంటలు. దిగాక గుడికి వెళ్లారు, అడవిలో నడిచారు, కోట్‌పల్లి జలాశయంలో పడవెక్కారు. ప్యాకెట్ ఎండలో ఉన్న కారులోనే ఉంది. సాయంత్రం గది ఫ్రిజ్‌లో పెట్టారు. ఆదివారం తినగా మిగిలిన రెండో ప్యాకెట్‌ను ఇంటికి తెచ్చి, సీలు ఊడలేదు కదా అని ఇంకో పది రోజులు దాచారు. ఒక్కపూట వేడికే విషం తయారవుతుందని కాదు. వేడికి మేలుకున్న గింజకు ఆ తర్వాతి పది రోజులు అంతంతమాత్రం చల్లదనంలో తీరిక దొరుకుతుంది. అందులోనూ ఈ చేపను మనం వండం. నేరుగా తింటాం. విషం ఉంటే దాన్ని విరగ్గొట్టే వేడి ఎక్కడా తగలదు.

ఆవకాయకు ఉన్నది, మాంసం పచ్చడికి లేనిది

మన ఇళ్లలో జాడీల్లో ఏడాది పొడవునా నిలవ ఉండే ఆవకాయకు బోటులిజం భయం ఎందుకు లేదు? అందులోనూ ముక్క నూనెలో మునిగే ఉంటుంది, గాలి సోకదు. జవాబు పులుపులో ఉంది. పులుపును పీహెచ్ అనే కొలతతో చెబుతారు. అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ. నిమ్మరసం, చింతపండు, పచ్చి మామిడి మూడు అటూ ఇటూగా ఉంటాయి. బొటులినం పెరగడానికి పీహెచ్ 4.6 కన్నా ఎక్కువ ఉండాలి. ఈ గీత కింద ఉన్న ఆహారంలో స్పోర్ ఉన్నా మొలకెత్తదు. ఆవకాయలో ముక్కే పులుపు. పులుపు బయటి నుంచి లోపలికి వెళ్లాల్సిన పని లేదు. దానికి ఉప్పు కూడా తోడుంది.

మాంసం పీహెచ్ ఆరుకు కాస్త అటూ ఇటూ. చేపది ఇంకొంచెం ఎక్కువ. రెండూ గీతకు బాగా పైన ఉన్నాయి. కోడి పచ్చడిలోనో చేపల పచ్చడిలోనో చివర్లో నాలుగు నిమ్మకాయలు పిండితే పులుపు ముందు మసాలాకు పడుతుంది. ముక్క మధ్యకు చేరడానికి సమయం పడుతుంది. పైగా మాంసకృత్తులు పులుపును కొంత మింగేసుకుంటాయి. అందుకే నాలుక మీద పుల్లగా తగిలే పచ్చడిలోనూ ముక్క లోపల 4.6 కన్నా పైనే ఉండవచ్చు. కారం ఎంత మండినా ఈ లెక్క మారదు.

మరి మన పెద్దవాళ్లు మాంసం పచ్చడి పెట్టలేదా? పెట్టారు. కానీ వాళ్లు ముక్కను చిన్నగా కోసి, నీరంతా ఇగిరి, గట్టిపడే దాకా వేయించేవారు. తేమ తీసేయడమంటే నాలుగు షరతుల్లో ఒకదాన్ని తెంచడమే. ఎండు చేపలు, ఎండు రొయ్యలు, ఉప్పు పట్టించి ఎండలో ఆరబెట్టిన మాంసం ముక్కలు నిలవ ఉండేదీ అందుకే. ఇప్పుడు జనం మెత్తటి, జ్యూసీ ముక్క అడుగుతున్నారు. ఉప్పు తగ్గించమంటున్నారు. పులుపు వద్దంటున్నారు. ఆపైన వ్యాక్యూమ్ చేసి మూడు నెలలు నిలవ ఉండాలంటున్నారు. పాత పచ్చడికి ఉన్న అడ్డుగోడలను ఒక్కొక్కటిగా తీసేసి, గాలిని కూడా తీసేస్తే మిగిలేది పేరుకే పచ్చడి. నిజానికి అది ఊపిరాడని కవరులో ఉన్న కూర.

సీసా మూత 'టప్' అంటే సరిపోదు

వండిన మాంసాన్ని వేడిగా గాజు సీసాలో నింపి, మూత బిగించి, సీసాను మరిగే నీళ్ల గిన్నెలో గంటసేపు ఉంచడం ఈమధ్య వీడియోలు చూసి కొందరు చేస్తున్న పని. చల్లారాక మూత లోపలికి గుంట పడి 'టప్' మంటుంది. అది చూసి సీలు కుదిరింది, పాడవదు అనుకుంటారు. ఆ చప్పుడు చెప్పేది ఒక్కటే, లోపల గాలి లేదని. స్పోర్‌లు చచ్చాయని అది చెప్పదు.

మరిగే నీటి వేడి 100 డిగ్రీలు దాటదు. కొండ మీద అంత కూడా ఉండదు. వెయ్యి అడుగుల ఎత్తుకు దాదాపు ఒక డిగ్రీ తగ్గుతుంది. వికారాబాద్, అనంతగిరి ప్రాంతం సముద్రమట్టానికి సుమారు 2,000 అడుగుల ఎత్తున ఉంది. అక్కడ నీళ్లు 98 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. స్పోర్‌లను నమ్మకంగా చంపడానికి పరిశ్రమలు పాటించే లెక్క 121 డిగ్రీల వేడి మూడు నిమిషాలు. అదీ సీసా మధ్యలో ఉన్న ముక్కకు ఆ వేడి తగలాలి. ఆ వేడి ఆవిరి ఒత్తిడి వల్లే సాధ్యం.

అలాగైతే మన ప్రెషర్ కుక్కర్‌లో పెడితే సరిపోదా అని మీరు అడగవచ్చు. సరిపోదు. సీసాల్లో మాంసం నిలవ చేయడానికి విదేశాల్లో ప్రత్యేకంగా పెద్ద ప్రెషర్ క్యానర్లు వాడతారు. అమెరికా వ్యవసాయ శాఖ పరీక్షించి ఇచ్చిన పద్ధతిలో అర లీటరుకు కాస్త తక్కువ పట్టే సీసాలో మాంసం ముక్కలకు 75 నిమిషాలు, లీటరుకు కాస్త తక్కువ పట్టే సీసాకు 90 నిమిషాలు కావాలి. వెయ్యి అడుగుల ఎత్తు దాటితే బరువు మూత ఉన్న క్యానర్‌లో 10 పౌండ్ల ఒత్తిడి చాలదు, 15 పౌండ్లు పెట్టాలి. వికారాబాద్, తాండూరు రెండూ ఆ ఎత్తు దాటినవే. సమయం లెక్కపెట్టే ముందు పది నిమిషాల పాటు ఆవిరిని బయటికి వదిలి, లోపల చిక్కిన గాలిని పంపేయాలి. గాలి మిగిలితే ఒత్తిడి కనిపించినా వేడి ఎక్కదు. ఇంట్లో వాడే చిన్న కుక్కర్ త్వరగా వేడెక్కి త్వరగా చల్లారుతుంది. ఈ లెక్కలు దానికి వర్తించవని అదే శాఖ చెబుతుంది. కుక్కర్‌లో వండిన మాంసం ఆ పూటకు, ఆ రోజుకు భేషుగ్గా ఉంటుంది. మూడు నెలల నిలవకు మాత్రం కుక్కర్ విజిళ్లు హామీ ఇవ్వవు.

మరిగే నీళ్లను నమ్మితే ఏమవుతుందో అమెరికాలోని ఒహాయోలో 2015 ఏప్రిల్‌లో తెలిసింది. లాంకాస్టర్ పట్టణంలో ఒక చర్చి విందుకు ఎవరికి తోచిన వంట వాళ్లు తెచ్చారు. అందులో ఒకటి బంగాళదుంపల సలాడ్. ఆ దుంపలను ఇంట్లోనే సీసాల్లో పెట్టి, ప్రెషర్ లేకుండా మరిగే నీళ్లలో ఉంచి నిలవ చేశారు. విందుకు వచ్చిన 77 మందిలో 29 మందికి బోటులిజం వచ్చింది. 11 మందికి గొంతులో గొట్టం వేసి కృత్రిమ శ్వాస ఇవ్వాల్సి వచ్చింది. ఒకరు చనిపోయారు. అది మాంసం కాదు, దుంప. అయినా సూత్రం ఒకటే. పులుపు లేని ఆహారం, గాలి లేని సీసా, చాలని వేడి, తినే ముందు మళ్లీ మరిగించకపోవడం.

చివరి మాట గమనించండి. స్పోర్ మొండిది కానీ అది తయారుచేసే విషం అంత మొండిది కాదు. బాగా మరిగిస్తే విరిగిపోతుంది. ఇంట్లో సీసాల్లో నిలవ చేసిన పులుపు లేని ఆహారాన్ని తినే ముందు పది నిమిషాలు మరిగించాలని, ప్రతి వెయ్యి అడుగుల ఎత్తుకు ఇంకో నిమిషం కలపాలని నియమం. అనంతగిరి దగ్గర అది 12 నిమిషాలు. ఇది మంచి అలవాటే కానీ అనుమానం ఉన్న సీసాను కాపాడుకునే ఉపాయం కాదు. అనుమానం వస్తే పారేయడమే.

పాము కాటులా కనిపించే జబ్బు

బోటులిజం విషం నరం నుంచి కండరానికి వెళ్లే సంకేతాన్ని ఆపేస్తుంది. కండరం ఉంటుంది, ఆజ్ఞ అందదు. సాధారణంగా తిన్న 12 నుంచి 36 గంటల్లో మొదలవుతుంది. కొందరిలో కొన్ని రోజుల తర్వాత కూడా రావచ్చు. వాంతులు, కడుపు నొప్పి ఉండవచ్చు, ఉండకపోవచ్చు. విరేచనాలకు బదులు మలబద్ధకం కూడా రావచ్చు. అసలు గుర్తులు తలలో మొదలవుతాయి. చూపు మసకబారడం, ఒకటి రెండుగా కనిపించడం, కనురెప్పలు వాలిపోవడం, నోరు ఎండిపోవడం, మాట ముద్దగా రావడం, మింగలేకపోవడం. ఆ తర్వాత మెడ, చేతులు, ఛాతీ, కాళ్లు అన్న వరుసలో బలహీనత కిందికి దిగుతుంది. జ్వరం సాధారణంగా ఉండదు. మనిషికి స్పృహ, ఆలోచన బాగానే ఉంటాయి. అదే ఇంటివాళ్లను మోసం చేస్తుంది. నిద్ర చాలక రెప్పలు వాలుతున్నాయని అనుకుంటారు.

మన ప్రాంతంలో ఇంకో చిక్కు ఉంది. కట్లపాము, నాగుపాము కాటులో కూడా రెప్పలు వాలి, మింగుడు పడక, ఊపిరి కష్టమవుతుంది. కట్లపాము కాటు గుర్తు చాలాసార్లు కనిపించదు. అడవి పక్క ఊళ్ల నుంచి వచ్చిన రోగిని చూసి డాక్టరు ముందు పామునే అనుమానించడం సహజం. పక్షవాతమనీ అనుకోవచ్చు. అందుకే ఆసుపత్రిలో మీరు చెప్పే సమాచారం పరీక్షలకన్నా ముందు పనికొస్తుంది. గడిచిన వారం రోజుల్లో సీలు వేసిన చేప, సీసాలో నిలవ ఉన్న మాంసం, నూనెలో ఊరిన పదార్థం తిన్నారేమో చెప్పండి. అదే తిన్న ఇంకెవరికైనా ఇవే లక్షణాలున్నాయేమో చెప్పండి. మిగిలిన ఆహారాన్ని పారేయకుండా మూత పెట్టి, ఫ్రిజ్‌లో ఉంచి, డాక్టర్లకు తెలియజేయండి.

దీనికి విరుగుడు మందు యాంటీటాక్సిన్ ఉంది. అది ప్రతి ఆసుపత్రిలో ఉండదు. రక్తంలో తిరుగుతున్న విషాన్ని అది పట్టుకుంటుంది కానీ అప్పటికే నరాన్ని పట్టిన విషాన్ని విడిపించలేదు. కాబట్టి ప్రతి గంటకూ విలువ ఉంది. కృత్రిమ శ్వాస అందించే వెంటిలేటర్ ఉన్న ఆసుపత్రికే నేరుగా వెళ్లాలి. మింగలేని మనిషికి నీళ్లు, పాలు, మాత్రలు నోట్లో పోయకండి. ఊపిరి నిలబెడితే కొత్త నరపు కొసలు పెరిగి చాలామంది కోలుకుంటారు. దానికి వారాలు, నెలలు పట్టవచ్చు.

మన దేశంలో ఇది జరగదనుకోవడానికీ లేదు. 1996 సెప్టెంబరులో గుజరాత్‌లో ఒక ఆశ్రమ పాఠశాలలో 34 మంది విద్యార్థులు ఆసుపత్రి పాలయ్యారు. ముగ్గురు చనిపోయారు. వాళ్లు తిన్న శనగపిండి సేవులో బొటులినం లాంటి విషాన్నే తయారుచేసే దగ్గరి జాతి బ్యాక్టీరియా దొరికింది.

కొనేటప్పుడు, కట్టేటప్పుడు

ఇంతా చదివి చేపలూ మాంసం పచ్చళ్లూ మానేయనక్కర్లేదు. వ్యాక్యూమ్ ప్యాకెట్ చేతిలోకి తీసుకున్నప్పుడు ఒక్క ప్రశ్న వేసుకోండి. గాలి తీసేశారు సరే, దానికి బదులుగా ఏ అడ్డుగోడ ఉంది? చల్లదనమా, పులుపా, పొడితనమా, 121 డిగ్రీల వేడా? జవాబు దొరక్కపోతే కొనకండి.

పొగ చేప అయితే ఫ్రీజర్‌లో గడ్డకట్టి ఉన్నది కొనడం మేలు. ఐస్ పెట్టెలో తెచ్చుకోండి. తినే ముందు గడ్డ కరిగించేటప్పుడు కవరును ముందే కత్తిరించి, గాలి తగలనిచ్చి, ఫ్రిజ్‌లోనే కరగనివ్వండి. సీలు ఉన్న కవరును గట్టు మీద పెట్టి కరిగించకండి. తెరిచాక ఒకటి రెండు రోజుల్లో తినేయండి. గర్భిణులకు, పెద్దవాళ్లకు ఆవిరి పొగలు వచ్చేలా వేడిచేసి పెట్టండి.

మాంసం పచ్చడి అయితే కొద్దికొద్దిగా పెట్టుకోండి. ముక్కలో తడి పోయే దాకా వేయించండి. నిమ్మరసం దండిగా పిండండి. వ్యాక్యూమ్ చేయకుండా సీసాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి. వారం పది రోజులకు మించి కావాలంటే ఫ్రీజర్ ఉంది. దూరాన ఉన్న పిల్లలకు వ్యాక్యూమ్ చేసి పంపాలనుకుంటే ఆవకాయ, గోంగూర, చింతకాయ ఉన్నాయి. వాటి పులుపే వాటికి కాపలా. మాంసం పచ్చడి మాత్రం వాళ్లు వచ్చినప్పుడు కలిసి తినడానికి ఉంచండి.

అమ్మేవాళ్లకూ ఒక మాట. ఇంటి వంటగదుల్లో మాంసం పచ్చళ్లు చేసి అమ్మే వ్యాపారం ఇప్పుడు చాలా కుటుంబాలకు ఆధారం. ఆహార భద్రతా సంస్థ ఇచ్చే 14 అంకెల నంబరు ప్యాకెట్ మీద వేస్తే సరిపోదు. తయారైన ప్రతి విడతలోనూ ముక్కను నూరి, పీహెచ్ కొలవాలి. పీహెచ్ మీటరు పెద్ద ఖర్చేమీ కాదు. 4.6 కన్నా తక్కువ రాకపోతే ఆ సరుకును గది వేడిలో నిలవ ఉండేదిగా అమ్మకూడదు. 'ఫ్రిజ్‌లో ఉంచండి' అన్న మాట తెలుగులో, పెద్ద అక్షరాల్లో ముందు వైపు రాయాలి. తనిఖీకి వచ్చే అధికారులు కూడా నంబరు చూసి వెళ్లిపోకుండా, వ్యాక్యూమ్ చేసిన మాంసానికి ఏ అడ్డుగోడ ఉందో అడగాలి.

అనుమానం వచ్చిన ప్యాకెట్‌ను రుచి చూసి తేల్చుకోవాలని మాత్రం అనుకోవద్దు. ఈ విషం చిటికెడు కూడా అక్కర్లేదు, వేలి కొనకు అంటినంత ఆహారంలోనూ ప్రాణం తీసేంత ఉండగలదు. రెండు కవర్లలో మూట కట్టి, కుక్కలకూ పిల్లులకూ అందకుండా పారేయండి. చేతులు సబ్బుతో కడుక్కోండి. మూడు వందల రూపాయల చేప ప్యాకెట్ పోతే పోనివ్వండి.